స్కర్టింగ్ కింద సందు వస్తోందా? బేస్‌మెంట్ ఫిల్లింగ్ సమస్య - పరిష్కారం

సమస్య

కోనసీమలో కాలువ గట్టు పక్కన ఒక ఇల్లు. గృహప్రవేశమైన రెండో వర్షాకాలానికి 12 × 10 అడుగుల గదిలో స్కర్టింగ్ కింద ముప్పావు అంగుళం సందు వచ్చింది. గోడకు ఎక్కడా పగులు లేదు. టైలు మీద రూపాయి బిళ్లతో కొడితే డొల్లగా మోగుతోంది.

కారణం

గోడ బరువు ప్లింత్ బీమ్ మోస్తుంది, ఫ్లోర్ బరువు మట్టి మోస్తుంది. గోడ నిలిచి ఫ్లోర్ ఒక్కటే దిగిందంటే ముందు మట్టినే అనుమానించాలి. అయితే పగలగొట్టే ముందు కింద పోయే పైపు ఎక్కడైనా కారుతోందేమో చూడండి. కారే నీళ్లు మట్టిని కోసుకుపోయినా ఇలాగే దిగుతుంది.

ఇక్కడ పైపులు బాగానే ఉన్నాయి. ఓ మూల రెండు టైళ్లు, బెడ్ తీసి 12 ఎంఎం ఊచ గుచ్చితే చేతి బలానికే రెండడుగులు దిగిపోయింది. చెరువు తవ్విన నల్లమట్టిని గడ్డలతో సహా ఒకేసారి రెండున్నర అడుగులు పోసి, పైన నీళ్లు కట్టి వదిలేశారు. “నీళ్లు పెట్టాం కదండీ, అదే కూర్చుంటుంది” అన్నాడు మేస్త్రి. ఆ మాట ఇసుకకు చాలావరకు చెల్లుతుంది, బంకమట్టికి చెల్లదు. పైగా మన డెల్టాలో కింద కూడా రేగడే కాబట్టి నీళ్లు ఇంకవు. చుట్టూ ప్లింత్ బీమ్ ఉండడంతో గది తొట్టిలా మారి, అడుగు నేల కూడా మెత్తబడుతుంది.

పరిష్కారం

నల్లమట్టి మొత్తం తీయించాం. దాన్ని ఎంత దిమ్మిస కొట్టినా లాభం లేదు, వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. బదులుగా ఎర్ర గ్రావెల్ తెప్పించాం. కూర్చున్నాక 300 ఘనపుటడుగులు కావాలి. వదులుగా అయితే 400, అంటే వంద అడుగులు పట్టే ట్రక్కులు నాలుగు.

గోడ మీద ఆరేసి అంగుళాలకు గీతలు గీసి, ఒక్కో పొర ఆ గీత వరకే పరిచాం. కొట్టాక అది నాలుగున్నర అంగుళాలకు దిగాలి. అలా ఏడు పొరలు పట్టాయి. గీతలు లేకపోతే సాయంత్రానికి పొర అడుగు మందం అవుతుంది, ఇది నేను చాలా చోట్ల చూశాను.

తడికి పిడికిలి పరీక్ష చాలు. మట్టిని గట్టిగా పిసికితే ముద్ద కావాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పిసికినా ముద్ద కాకపోతే నీళ్లు చల్లి కలపండి. చేతికి అంటుకుంటే ఆరనివ్వండి. తడి ఎక్కువైన మట్టి దెబ్బ వేసిన చోట దిగి పక్కన లేస్తుంది, అప్పుడు ఎంతసేపు కొట్టినా వృథా.

నడిమికి ప్లేట్ కంపాక్టర్ వాడాం. బీమ్ అంచున అడుగు వెడల్పు మాత్రం చేతి దిమ్మిసతోనే కొట్టించాం. మిషను అక్కడికి సరిగా అందదు, సందు మొదట కనిపించేదీ అక్కడే. ప్రతి పొరకూ మూలల్లో ఊచ గుచ్చి చూసి, దిగకపోతేనే పై పొర వేయించాం.

అదే ఫ్లోర్ దిగకుండా వర్షాకాలంలో నడిమిన ఉబ్బితే, అది రేగడి పొంగు. దానికి పైన ఎంత కొట్టినా ఉపయోగం లేదు, నల్లమట్టిని తీసి గ్రావెల్ నింపాల్సిందే.