బ్యాంకు మెట్ల ముందు ఆగిపోయిన చక్రాల కుర్చీ: వైకల్యాన్ని వైద్య నమూనాతోనూ సామాజిక నమూనాతోనూ ఎలా చూడాలి?

వైకల్యం గురించి చదవడం మొదలుపెట్టినవారికి ముందుగా ఎదురయ్యే మాటలు రెండు: వైద్య నమూనా, సామాజిక నమూనా. వీటి నిర్వచనాలను కంఠస్థం చేయడం కన్నా, తెలిసిన ఒక్క సంఘటనను తీసుకొని రెండు విధాలుగా చూడడం వల్ల విషయం బాగా అర్థమవుతుంది. ఇక్కడ కోనసీమలోని మా ఊరి బ్యాంకు శాఖలో మా పెద్దమ్మకు ఎదురైన ఇబ్బందిని తీసుకొని, ఆ పనిని వరుసగా చేసి చూపిస్తాను. మీకు తెలిసిన మరో ఇబ్బందికి కూడా ఇదే వరుసను వాడుకోవచ్చు.

1. జరిగిన దానిని జరిగినట్టుగా ఒక చోట రాయండి

రోగం పేరు, కారణాలు, సానుభూతి మాటలు ఇప్పుడే వద్దు. ఎవరు, ఏ పని మీద, ఎక్కడికి వెళ్లారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది మాత్రమే రాయాలి. నేను రాసుకున్నది ఇది: "పెద్దమ్మ కొబ్బరికాయల డబ్బు ఖాతాలో వేయడానికి చక్రాల కుర్చీలో బ్యాంకుకు వెళ్లారు. వాకిలి ముందు ఐదు మెట్లు ఉన్నాయి. మెట్ల కిందే ఆగిపోయారు. లోపలి నుంచి ఒక ఉద్యోగి వచ్చి, 'మామ్మగారూ, మీకెందుకండీ ఈ శ్రమ, మీ అబ్బాయిని పంపిస్తే సరిపోతుంది కదా' అన్నారు."

ఆ ఉద్యోగి మర్యాదగానే, మంచి మనసుతోనే మాట్లాడారు. ఆ మాటను అలాగే ఉంచండి, తర్వాత అవసరమవుతుంది.

2. వైద్య నమూనా ఏమి అడుగుతుందో అడగండి

ఈ నమూనా సమస్యను వ్యక్తి శరీరంలో వెతుకుతుంది. పెద్దమ్మ ఎందుకు లోపలికి వెళ్లలేకపోయారు? చిన్నతనంలో వచ్చిన పోలియో వల్ల కుడికాలు చచ్చుబడింది. చాలా ఏళ్లు కాలికి కాలిపర్ కట్టుకొని, చేతికర్రతో నడిచారు. అరవై దాటాక మంచి కాలిలోనూ భుజాల్లోనూ పట్టు తగ్గింది. పోలియో వచ్చినవారిలో కొందరికి కొన్ని దశాబ్దాల తర్వాత ఇలా కండరాల బలహీనత మళ్లీ మొదలవుతుంది. పరిష్కారం కూడా శరీరానికి సంబంధించినదే అవుతుంది: ఫిజియోథెరపీ, మంచి కాలిపర్, నొప్పికి మందు. అవేవీ పని చేయకపోతే ఆవిడ ఇంట్లో ఉండడం, మరొకరు ఆవిడ పని చేసి పెట్టడం. ఉద్యోగి అన్న మాట సరిగ్గా ఇక్కడి నుంచే పుట్టింది.

మన ప్రాంతంలో ఈ నమూనా అందరికీ తెలిసిన రూపం సదరం సర్టిఫికెట్. వైద్యులు పరీక్షించి వైకల్యం ఇంత శాతం అని రాస్తారు. 40 శాతం, అంతకు పైన ఉంటే పింఛను వంటి చాలా సదుపాయాలకు అర్హత వస్తుంది. అర్హత తేల్చడానికి ఏదో ఒక కొలత అవసరమే కాబట్టి ఆ పనిని నేను తప్పుపట్టను. అయితే ఆ శాతం కాలిని కొలుస్తుందే తప్ప బ్యాంకు మెట్లను కొలవదు. ఒకే శాతం రాసి ఉన్న ఇద్దరిలో ఒకరు నేలబారు వాకిలి ఉన్న ఊరిలోనూ మరొకరు మా ఊరిలోనూ ఉంటే, వారి రోజులు ఒకేలా గడవవు.

3. లోపాన్నీ వైకల్యాన్నీ రెండు వరుసలుగా విడదీయండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఈ విభజనను బ్రిటన్‌లో వికలాంగులే స్వయంగా నడిపిన ఒక సంఘం 1976లో స్పష్టంగా ప్రకటించింది. శరీరంలో ఉన్నది లోపం, ఆ లోపం ఉన్నవారిని లెక్కలోకి తీసుకోకుండా సమాజం చేసుకున్న ఏర్పాట్లు వారి మీద మోపేది వైకల్యం అని వారు అన్నారు. ఆ ఆలోచనకు సామాజిక నమూనా అన్న పేరును 1983లో మైక్ ఆలివర్ పెట్టారు. ఆయన కూడా చక్రాల కుర్చీ వాడిన వ్యక్తే.

కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు లోపానికి చెందినవి, కుడివైపు ఏర్పాట్లకు చెందినవి రాయండి. పెద్దమ్మ విషయంలో ఎడమవైపు "కుడికాలు పని చేయదు, భుజాల్లో పట్టు తక్కువ" అన్నవి వచ్చాయి. కుడివైపు "ఐదు మెట్లు" అని వచ్చింది. ఏది ఎటు రాయాలో సందేహం వస్తే ఒక పరీక్ష ఉంది: ఆ వ్యక్తి శరీరం ఉన్నది ఉన్నట్టుగానే ఉండి, చుట్టూ ఉన్నదాన్ని మార్చితే ఇబ్బంది పోతుందా? పోతే అది కుడివైపుది.

కళ్లజోడును గుర్తు తెచ్చుకుంటే ఈ పరీక్ష ఇంకా తేలిక. దూరపు చూపు తక్కువైనవారు మనలో ఎందరో ఉన్నారు. కళ్లజోళ్లు ప్రతి పట్టణంలో దొరుకుతాయి, పెట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు, కాబట్టి అలాంటివారిని మనం వికలాంగులని అనుకోము. వారి కంటిలో లోపం అలాగే ఉంది, వైకల్యం మాత్రం లేదు.

4. కుడివైపు రాసినవాటిని టేపు పెట్టి కొలవండి

"మెట్లు ఉన్నాయి" అని వదిలేస్తే అది ఫిర్యాదు దగ్గరే ఆగిపోతుంది. కొలిస్తే ఏమి చేయాలో తెలుస్తుంది. మా బ్యాంకు మెట్టు ఒక్కొక్కటి 6 అంగుళాలు, ఐదు కలిపి 30 అంగుళాల ఎత్తు.

ఆవిడ ఆగిపోయిన కొన్నాళ్లకు ఒక తాపీమేస్త్రి చేత అక్కడ ర్యాంపు కట్టించారు. దాని పొడవు 8 అడుగులు, అంటే 96 అంగుళాలు. చక్రాల కుర్చీ ర్యాంపుకు పాటించే వాలు 1:12, అంటే ఒక అంగుళం ఎత్తు ఎక్కడానికి 12 అంగుళాల పొడవు ఉండాలి. 30 అంగుళాల ఎత్తుకు 360 అంగుళాలు, అంటే 30 అడుగులు కావాలి. కట్టినది సుమారు మూడు అంగుళాలకు ఒక అంగుళం చొప్పున లేచింది. పెద్దమ్మ దాని మీద ఎక్కబోతే కుర్చీ ముందు చక్రాలు పైకి లేచి వెనక్కి పడబోయింది. ఇద్దరు పట్టుకొని తోశారు. ఫొటోలో చూస్తే ర్యాంపు ఉంది, కొలిస్తే మాత్రం అది లేనట్టే. ఎవరి సాయమూ లేకుండా కుర్చీలో ఉన్న మనిషి ఎక్కి దిగగలరా అన్నది చూస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

30 అడుగులు అనగానే స్థలం లేదంటారు. బ్యాంకు ముందు గోడ వెంట 30 అడుగులు, వీధి వరకు 12 అడుగులు ఉన్నాయి. 15 అడుగులు గోడ వెంట ఎక్కి, చివర ఐదు అడుగుల చదునైన చోటు వదిలి, అక్కడ మలుపు తిరిగి మళ్లీ 15 అడుగులు ఎక్కితే వాకిలి దగ్గరికి వస్తుంది. వెడల్పు 4 అడుగుల చొప్పున రెండు వరుసలకు 8 అడుగులు చాలు. రెండువైపులా పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి, నేల గరుకుగా ఉండాలి. మా వైపు శ్రావణ భాద్రపదాల్లో పడే వానకు నున్నటి గచ్చు మీద నడిచేవారే జారిపడతారు.

కొలుస్తుంటే మరొకటి కనిపించింది. వాకిలికి ఉన్న ఇనుప గ్రిల్ గేటును భద్రత కోసం గొలుసుతో కట్టి, ఒక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు మాత్రమే వదిలారు. ఆ సందు 18 అంగుళాలు. పెద్దమ్మ కుర్చీ వెడల్పు 26 అంగుళాలు. ర్యాంపు బాగున్నా ఆవిడ అక్కడే ఆగిపోయేవారు.

5. ప్రతి అడ్డంకి ఎందుకు వచ్చిందో, ఎవరు తొలగించగలరో రాయండి

ఈ మెట్లు ఎవరి దుర్మార్గం వల్లా రాలేదు. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదను చూసినవారు డెల్టాలో పునాది ఎత్తుగా వేయకుండా కట్టడం కట్టరు. ఆ ఎత్తు అవసరమే, తగ్గించమని అడగడం పొరపాటు. ఎత్తుతో పాటు దారి కూడా కట్టమని అడగాలి. గొలుసు విషయం వేరు. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, పని గంటల్లో గేటు తీసి ఉంచి కాపలా మనిషిని నిలబెట్టే నిర్ణయం ఒక్కటే కావాలి. పనులను ఖర్చుతో కూడినవీ నిర్ణయంతో అయిపోయేవీ అని విడదీస్తే, రెండో రకం పనులు మనం అనుకున్న దానికన్నా ఎక్కువగా ఉంటాయి.

చట్టం కూడా ఇటువైపు నిలబడింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, దీర్ఘకాలిక లోపం అడ్డంకులతో కలిసి, ఇతరులతో సమానంగా సమాజంలో పాల్గొనడానికి ఆటంకమయ్యే స్థితిని బట్టి వికలాంగ వ్యక్తిని నిర్వచించింది. ప్రజలు వచ్చే భవనాలను, ప్రైవేటువారివైనా సరే, నిబంధనలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్లలో అందుబాటులోకి తేవాలన్నది. ఆ నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు దాటిపోయింది. కాబట్టి కొలతలతో కూడిన ఉత్తరాన్ని ముందు శాఖ మేనేజరుకు ఇచ్చి, జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు పంపవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇద్దరు యువకులు కుర్చీని ఎత్తి లోపల దించితే సమస్య తీరిందనుకుంటారు. పెద్దమ్మ దీనికి ఎన్నడూ ఒప్పుకోలేదు. "నా డబ్బు నేను వేసుకోవడానికి ఎవరో ఖాళీగా దొరికే దాకా ఎండలో కూర్చోవాలా?" అని అడిగేవారు. ఎత్తి దించడం ఆ రోజుకు సాయమే, మెట్లు మాత్రం మరుసటి రోజు కూడా అక్కడే ఉంటాయి. అలాగే వికలాంగులు అన్న మాట బదులు దివ్యాంగులు అని రాసినంత మాత్రాన ఎత్తు అంగుళమైనా తగ్గదు.

6. శరీరానికే చెందినదాన్ని మరచిపోకుండా తిరిగి చూడండి

సామాజిక నమూనా కొత్తగా తెలిసినవారు వైద్యులు అనవసరం అన్నంత దూరం వెళతారు. ఎడమవైపు వరుసను మళ్లీ చదవండి. రాత్రిపూట పెద్దమ్మ భుజాలు నొప్పి పెడతాయి. ప్రపంచంలోని ప్రతి వాకిలికీ ర్యాంపు కట్టినా ఆ నొప్పి పోదు. మందు, విశ్రాంతి, ఫిజియోథెరపీ కావాలి. నొప్పికీ అలసటకూ ఈ నమూనాలో చోటు చాలడం లేదని 1990లలో వికలాంగ స్త్రీలే రాశారు, ఆ విమర్శ న్యాయమైనదే అని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ శరీరాన్నీ పరిసరాలనూ రెండింటినీ కలిపి చూడడానికి ప్రయత్నించింది.

7. అదే చోట మరో మనిషిని పెట్టి చూడండి

అదే బ్యాంకుకు చెవులు వినపడని ఒక రైతు వచ్చారనుకోండి. మెట్లు ఆయనకు అడ్డే కాదు, హాయిగా ఎక్కి వెళ్లి బల్ల మీద కూర్చుంటారు. టోకెను నంబరును గుమాస్తా నోటితో పిలుస్తారు. ఆయన వంతు వచ్చి వెళ్లిపోతుంది, మధ్యాహ్నం దాకా కూర్చుని ఉంటారు. ఎడమవైపు "వినికిడి లేదు" అని, కుడివైపు "నంబరును నోటితో మాత్రమే పిలుస్తున్నారు" అని రాయండి. నంబరు కనిపించే ఒక బోర్డు పెట్టినా, లేదా వంతు వచ్చినప్పుడు గుమాస్తా చేయి ఎత్తి చూపించినా, ఆ రైతు తన పంట రుణం వాయిదా కట్టి పదకొండు గంటల బస్సుకే ఇంటికి వెళతారు.