కారు ఖర్చు లెక్క నేర్చుకుందాం – 4వ భాగం: ఒకే దూరం, ఒకటి పెట్రోల్, ఒకటి డీజిల్

పోయినసారి ట్యాంకు నిండా కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అదే బంకులో అదే పంపు దగ్గర నిండా కొట్టించి మైలేజీ తీయడం చూశాం కదా, చాలామంది చేసి నంబర్లు రాసి పెట్టుకున్నారనే అనుకుంటున్నాను. చెయ్యకపోతే ముందు అది చేసి రండి, ఎందుకంటే ఈ రోజు లెక్క మొత్తం ఆ నంబరు మీదే నడుస్తుంది, షోరూం కాగితం మీద రాసిన మైలేజీ పెడితే వచ్చే జవాబు కూడా కాగితం మీదే ఉంటుంది.

ఈసారి లెక్కకి మా బావనీ నన్నూ తీసుకుందాం. ఇద్దరిదీ శ్రీకాకుళమే, ఇద్దరం దాదాపు వారానికోసారి పని మీద వైజాగ్ వెళ్లొస్తాం, మిగతాదంతా ఊళ్లో తిరుగుడే, డే అండ్ నైట్ జంక్షనూ ఏడు రోడ్లూ బజారూ అంతే. నాది 1.2 లీటర్ పెట్రోల్, ఆయనది 1.5 లీటర్ డీజిల్. ఏడాదికి ఇద్దరికీ సుమారు 12 వేల కిలోమీటర్లు, అందులో 9 వేలు హైవే, 3 వేలు ఊరు. మొన్న భోజనాల దగ్గర బావ మొదలెట్టాడు, "నీకు పదహారొస్తంది, నాకు ఇరవయ్యొస్తంది, నాలుగు తేడా, పైగా లీటరు దగ్గర పన్నెండు రూపాయలు తక్కువ, ఏటి మరి, ఏడాదికి యాభై వేలు మిగల్తున్నట్టే కదేటి" అని. నేను అక్కడే క్యాలిక్యులేటర్ తీశాను, మా అక్క తిట్టింది, అయినా తీశాను.

బావ చేసిన తప్పు మనందరం చేసేదే. మైలేజీ తేడాని డబ్బు తేడా అనుకోవడం. "నాలుగు కిలోమీటర్లు ఎక్కువ" అన్న మాటలో రూపాయి ఎక్కడా లేదు, మనం డబ్బు కట్టేది లీటర్లకి. 12 వేల కిలోమీటర్లకి 16 మైలేజీ అయితే 750 లీటర్లు కావాలి, 20 అయితే 600 చాలు, అంటే 150 లీటర్లు మిగిలింది. అదే 20 నుంచి 24కి వెళ్తే? అదీ నాలుగే కదా, కానీ 600 కాస్తా 500 అవుతుంది, మిగిలింది 100 లీటర్లే. ఒకే నాలుగు, రెండు చోట్ల రెండు విలువలు. అందుకని మైలేజీలని ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యకండి, ముందు రెంటినీ లీటర్లలోకి మార్చండి, తర్వాతే తీసివేత.

ఇంతకీ నాకు 16, ఆయనకి 20 ఎక్కడివి అనేది కూడా చూద్దాం, ఎందుకంటే ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. నా కారుకి హైవేలో 18, ఊళ్లో 12 వస్తుంది. రెండూ కలిపి రెండుతో భాగిస్తే 15 కదా, చాలామంది అదే పెట్టేస్తారు. తప్పు. హైవే 9 వేలని 18తో భాగిస్తే 500 లీటర్లు, ఊరు 3 వేలని 12తో భాగిస్తే 250, మొత్తం 750, అంటే అసలు సగటు 16. 15 పెట్టుంటే 800 లీటర్లు వచ్చేది, తాగని పెట్రోల్ 50 లీటర్లు నా ఖాతాలో రాసేసినట్టు. ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లకి ఇదే తప్పు ఇటు తిరుగుతుంది, ఖర్చు తక్కువ చేసి చూపిస్తుంది. బావ కారుకి హైవేలో 22.5, ఊళ్లో 15. అంటే 400, 200, మొత్తం 600 లీటర్లు. ఆయన సగటు నిజంగానే 20, అక్కడ మాత్రం ఆయన కరెక్టే.

ఇప్పుడు రేట్లు. పైసలు వదిలేసి పెట్రోల్ 109, డీజిల్ 97 అనుకుందాం, మీరు మీ బంకు బోర్డు మీద ఉన్నది వేసుకోండి. ఇచ్ఛాపురం వైపు వాళ్లయితే ఒడిశా బంకు రేటే వేసుకుంటారు లెండి, అక్కడ రెండూ మనకన్నా తక్కువ, గీత దాటి కొట్టించుకోవడం వాళ్లకి కొత్తేం కాదు. నాకు 750 లీటర్లు × 109 అంటే 81,750 రూపాయలు. బావకి 600 × 97 అంటే 58,200. తేడా 23,550. యాభై వేలు కాదు, దాన్లో సగం కూడా లేదు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం, ఈ 23,550 ఎక్కడి నుంచి వచ్చిందో విడదీస్తే నాకే ఆశ్చర్యమేసింది. బావ 150 లీటర్లు తక్కువ తాగాడు, వాటిని నా పెట్రోల్ రేటుకి కడితే 16,350. ఇక ఆయన తాగిన 600 లీటర్ల మీద లీటరుకి 12 రూపాయలు తక్కువ కట్టాడు, అది 7,200. రెండూ కలిపితే సరిగ్గా 23,550. డీజిల్ చవక కాబట్టి మిగులుతోంది అని మనమనుకుంటాం గానీ, ఇందులో మూడింట రెండొంతులకి పైగా ఇంజన్ తక్కువ తాగడం వల్ల వచ్చిందే. డీజిల్ ఇంజన్లో గాలిని బాగా ఎక్కువ నొక్కి మండిస్తారు, మామూలు పెట్రోల్ ఇంజన్లో లాగా లోపలికెళ్లే గాలిని తలుపు వేసినట్టు బిగించి ఆపడం ఉండదు, పైగా లీటరు డీజిల్లో లీటరు పెట్రోల్ కన్నా సుమారు పదో వంతు శక్తి ఎక్కువే. కాబట్టి రేపు రెండు రేట్లూ సమానమైపోయినా డీజిల్ లాభం పూర్తిగా పోదు. ఇంకోటి, రెండు రేట్లూ తలా ఒక రూపాయి పెరిగాయనుకోండి, నా ఖర్చు 750 పెరుగుతుంది, బావది 600, అంటే తేడా ఇంకో 150 పెరుగుతుంది. రేట్లు పెరిగిన ప్రతిసారీ బావ నవ్వేది అందుకే.

అన్నట్టు పెట్రోల్ కారు వాళ్లు రెండు మూడేళ్ల కిందటి మైలేజీ నంబర్లు వాడకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం, ఇథనాల్లో లీటరుకి శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు దాకా తక్కువ, అంచేత కొన్ని కార్లకి మైలేజీ కాస్త పడింది. మొన్న మొన్న తీసిన నంబరే వెయ్యండి.

ఇక ఇంధనం కానివి. మొదట ఇద్దరికీ సమానమైనవి లెక్కలోంచి తీసి పారేయండి, టోల్ ఇద్దరికీ అదే, కడగడం అదే, టైర్లు కూడా ఒకే సైజైతే దాదాపు అదే. మనకి కావాల్సింది తేడా మాత్రమే కాబట్టి సమానమైనవి రాయడం వల్ల పేజీ నిండుతుంది తప్ప జవాబు మారదు. మారేవి రెండే. సర్వీసు బిల్లు ఒకటి. నా ఇంజన్‌కి ఆయిల్ మూడున్నర లీటర్లు సరిపోతుంది, ఆయనకి ఐదు లీటర్ల దాకా పడుతుంది, డీజిల్ ఫిల్టర్ కూడా మార్చాలి. పోయినేడాది నా బిల్లు 6,500, ఆయనది 9,500, తేడా 3 వేలు.

రెండోది ఇన్సూరెన్స్. ఇందులో థర్డ్ పార్టీ భాగం ఇంజన్ సైజుని బట్టి ఉంటుంది, పెట్రోలా డీజిలా అని చూడరు. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 2,094, అక్కడి నుంచి 1500 లోపు 3,416, ఆ పైన 7,897. నాది 1197, బావది 1497, ఇద్దరం ఒకే గూట్లో ఉన్నాం, తేడా సున్నా. 1500 దాటిన డీజిల్ కొనుంటే మాత్రం ఏడాదికి నాలుగున్నర వేలు అక్కడే పోయేవి, కాబట్టి ఆర్‌సీలో సీసీ చూసుకోండి. సొంత డ్యామేజీ భాగం కారు విలువ మీద ఉంటుంది, డీజిల్ కారు ఖరీదెక్కువ కాబట్టి బావ ఒక 2 వేలు ఎక్కువ కడుతున్నాడు. సరే, 23,550లోంచి ఈ 3 వేలూ ఆ 2 వేలూ తీస్తే 18,550. ఇదీ బావకి ఏడాదికి నిజంగా మిగిలేది, నెలకి పదిహేను వందల చిల్లర. చెప్తే ఆయన మొహం కాస్త మాడింది, మళ్లీ పులిహోర వేసుకున్నాడు.

ఈ లెక్క ఎక్కడ పని చేయదో కూడా చెప్పాలి. మా వీధి చివర మాస్టారు ఒకాయన అదే మోడల్ డీజిల్ కొన్నారు, బడికీ ఇంటికీ, సాయంత్రం కూరగాయలకీ, ఏడాదికి 5 వేల కిలోమీటర్లు, అంతా ఊళ్లోనే. మన పద్ధతిలో వేస్తే పెట్రోల్ అయితే సుమారు 45,400, డీజిల్ 32,300, తేడా 13 వేలు, సర్వీసూ ఇన్సూరెన్సూ పోను 8 వేలు మిగలాలి. కానీ ఆయనకి మిగల్లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లకి పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక బండే దాన్ని బాగా వేడెక్కించి మసిని కాల్చేసుకుంటుంది, దానికి అదనంగా డీజిల్ పోస్తుంది, కాసేపు ఆగకుండా నడవాలి. మాస్టారి బడి రెండు కిలోమీటర్లు, ఇంజన్ వేడెక్కేలోపు గేటు వచ్చేస్తుంది. కాల్చడం మొదలవుతుంది, మధ్యలో తాళం తీసేస్తారు, మళ్లీ మర్నాడు మొదటి నుంచి.

దీన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. బండి ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉండడం, నిలబెట్టినప్పుడు ఇంజన్ మామూలు కన్నా కాస్త ఎక్కువ తిరగడం, కారణం లేకుండా మైలేజీ పడడం, ఇవన్నీ కాల్చడం నడుస్తోందనడానికి గుర్తులు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తే అది ఇంకా చెడ్డ గుర్తు, కాలని డీజిల్ ఆయిల్లోకి దిగుతోందని. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగిన మొదట్లోనే ఎచ్చెర్ల దాటి రణస్థలం దాకా ఒక అరగంట నిలకడగా తోలితే చాలాసార్లు ఆరిపోతుంది. మాస్టారు లైటుని పట్టించుకోలేదు, చివరికి వర్క్‌షాపులో మిషన్ తగిలించి కాల్పించి, ఆయిల్ మార్పించుకోవాల్సొచ్చింది, ఆ ఏడాది మిగలాల్సిన 8 వేలూ అక్కడే ఇచ్చొచ్చారు.

ఇంటి పని. పలాసలో ఉండే ఒకాయన ఏడాదికి 20 వేల కిలోమీటర్లు తిరుగుతాడు, 18 వేలు హైవే, 2 వేలు ఊరు. మైలేజీలు మా ఇద్దరివే, రేట్లు అవే. డీజిల్ సర్వీసు ఏడాదికి రెండుసార్లు పడుతుంది, పెట్రోల్‌కీ రెండే, సర్వీసుకి 3 వేలు తేడా, ఇన్సూరెన్స్ తేడా 2 వేలే. లీటర్లు ముందు, రూపాయలు తర్వాత. ఇంధనం తేడా 36,600 దగ్గరా, అన్నీ పోను 28,600 దగ్గరా వస్తే సరిగ్గా చేసినట్టు, 31 వేల దగ్గర వస్తే ఆయనకి కూడా మా సగటు 16, 20 పెట్టేసినట్టు, మళ్లీ చూడండి.

కొనేటప్పుడు డీజిల్ కారుకి ఎక్కువ పెట్టిన లక్షా లక్షన్నర సంగతి ఇందులో కావాలనే కలపలేదు, అది నడిపే ఖర్చు కాదు. బావ 18,550తో ఆ డబ్బు ఎన్నేళ్లకి వెనక్కి వస్తుందో, అమ్మేటప్పుడు ఎంత తిరిగొస్తుందో 5వ భాగంలో చేద్దాం, మీ రెండు కొటేషన్లూ దగ్గర పెట్టుకుని రండి.