డెసిషన్ ట్రీలో ఎన్‌పీవీ తేడాగా వస్తోందా? లక్షణం, కారణం, సవరణ

దశలవారీగా డబ్బు పెట్టే ప్రాజెక్టుకి డెసిషన్ ట్రీ, అంటే నిర్ణయాలను, వాటి ఫలితాలను కొమ్మలుగా చూపే బొమ్మ, గీయడం పెద్ద కష్టం కాదు. ఎన్‌పీవీ అంటే భవిష్యత్తులో వచ్చే, పోయే డబ్బును ఇవాళ్టి విలువకి తెచ్చి కూడితే మిగిలే మొత్తం. దాని కోసం కొమ్మల చివరి నుంచి మొదటికి లెక్కను వెనక్కి తెచ్చేటప్పుడే తప్పులు దొర్లుతాయి. వాటిని పట్టుకోవడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా వాడుకుందాం.

ఇవాళ చిన్న స్థాయి పైలట్ ప్రయోగానికి 12 లక్షలు పెట్టాలి. ఏడాది తర్వాత ఫలితం తెలుస్తుంది: బాగా రావడానికి 60%, రాకపోవడానికి 40% అవకాశం. అప్పుడు 100 లక్షలు పెట్టి పూర్తి స్థాయి ప్లాంటు కట్టొచ్చు, లేదా ఆపేయొచ్చు. కడితే 2, 3, 4 సంవత్సరాల్లో డబ్బు వస్తుంది. గిరాకీ బాగుంటే ఏడాదికి 60 లక్షలు, తక్కువగా ఉంటే 30 లక్షలు. పైలట్ బాగా వస్తే మంచి గిరాకీకి 70% అవకాశం, రాకపోతే 20% మాత్రమే. డిస్కౌంట్ రేటు 10%, అంటే ఒక ఏడాది వెనక్కి తెచ్చినప్పుడల్లా 1.1తో భాగించాలి.

మూడేళ్ల రాబడిని 1వ సంవత్సరం చివరికి తెస్తే 60 లక్షల కొమ్మ విలువ 149.21, 30 లక్షల కొమ్మ విలువ 74.61. ఇక్కడివరకు దాదాపు అందరికీ ఒకేలా వస్తుంది.

లక్షణం: ఆపేసే వీలున్న ప్రాజెక్టుకి కూడా మైనస్ వస్తోంది

పైలట్ బాగా వచ్చిన చోట ప్లాంటు విలువ 0.7 × 149.21 + 0.3 × 74.61 = 126.83. ఖర్చు 100 తీసేస్తే 26.83 మిగులుతుంది. పైలట్ విఫలమైన చోట ఇదే లెక్క చేస్తే 89.53 వస్తుంది, ఖర్చు పోను -10.47. చాలామంది ఈ రెండింటికీ 60%, 40% వేసి 11.91 అని తేల్చి, ఒక ఏడాది డిస్కౌంట్ చేసి, 12 తీసేస్తారు. జవాబు -1.17. ప్రాజెక్టు పక్కకి పోతుంది.

విఫలమైన పైలట్ తర్వాత కూడా ప్లాంటు కట్టి తీరతామని ఈ లెక్క చెబుతోంది. ఎవరూ అలా చేయరు. ట్రీలో కొమ్మలు చీలే చోటు నోడ్: అది అవకాశం మీద ఆధారపడితే వృత్తం, మన నిర్ణయమైతే చతురస్రం గీస్తారు. వృత్తం దగ్గర ఏం జరుగుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి సంభావ్యతలతో సగటు తీయాలి. చతురస్రం దగ్గర నిర్ణయం మనదే కాబట్టి ఎక్కువ విలువ ఇచ్చే కొమ్మను ఉంచి మిగతాది కొట్టేయాలి. -10.47 బదులు ఆపేస్తే 0, కాబట్టి ఆ కొమ్మకి 0 వేయాలి. అప్పుడు 0.6 × 26.83 = 16.10, ఇవాళ్టి విలువలో 14.63, పైలట్ ఖర్చు పోను +2.63.

ఆపేయడం నిజంగా ఉచితమా అన్నది కూడా చూసుకోండి. కాంట్రాక్టు రద్దు ఛార్జీలు, ఉద్యోగులకి ఇవ్వాల్సిన పరిహారం ఉంటే 0 బదులు ఆ మైనస్ మొత్తం రాయాలి. అది 10.47 లక్షలు దాటిందంటే మాత్రం, చేదుగా ఉన్నా, కట్టేయడమే తక్కువ నష్టం.

లక్షణం: రెండు పద్ధతుల్లో రెండు జవాబులు

వెనక్కి మడిచిన లెక్కకి ఒక చెక్ ఉంది. ఒక్కో దారిని మొదటి నుంచి చివరిదాకా విడిగా తీసుకుని, ఇవాళ్టి విలువకి తెచ్చి, ఆ దారి మొత్తం సంభావ్యతతో గుణించాలి. మన ట్రీలో మూడు దారులు మిగిలాయి:

| దారి | సంభావ్యత | ఎన్‌పీవీ |
|---|---|---|
| పైలట్ సక్సెస్, మంచి గిరాకీ | 0.42 | 32.74 |
| పైలట్ సక్సెస్, తక్కువ గిరాకీ | 0.18 | -35.09 |
| పైలట్ విఫలం, ఆపేశాం | 0.40 | -12.00 |

గుణించి కలిపితే మళ్లీ 2.63 రావాలి. రాకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ కాలం దగ్గరే ఉంటుంది. చివరి కొమ్మల రాబడిని ముందే 0వ సంవత్సరానికి తెచ్చేసి (135.65, 67.82), దాని నుంచి 1వ సంవత్సరపు 100 లక్షల ఖర్చు తీసేసి, ఆ తర్వాత మళ్లీ 1.1తో భాగిస్తే -3.65 వస్తుంది. రాబడి రెండుసార్లు డిస్కౌంట్ అయింది, ఖర్చు ఒక్కసారే. సవరణ సులువు: ప్రతి నోడ్ పక్కన అది ఏ సంవత్సరపు విలువో రాయండి, ఒకే సంవత్సరానికి చెందిన అంకెలనే కలపండి, తీసేయండి. ఒక కొమ్మ మీద ఏడాది దాటినప్పుడల్లా ఒక్కసారే భాగించండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ఎక్సెల్ `NPV` ఫంక్షన్ మొదటి అంకె కూడా ఏడాది చివర వస్తుందనుకుంటుంది. ఇవాళ్టి ఖర్చును కూడా లోపల పెడితే మొత్తం ఒక ఏడాది జరిగిపోతుంది, పట్టికలో మొదటి దారి 32.74 బదులు 29.76 చూపిస్తుంది. 0వ సంవత్సరపు అంకె `B2`లో ఉంటే ఇలా రాయాలి:

```
=B2+NPV(10%,B3:B6)
```

లక్షణం: ఏ ప్రాజెక్టు పెట్టినా మైనస్సే

రేటు చూడండి. "రిస్క్ ఎక్కువ కదా" అని 10% బదులు 20% వేస్తే మన ప్రాజెక్టు -8.28కి పడిపోతుంది. పైలట్ విఫలమయ్యే రిస్క్ ఇప్పటికే 40% కొమ్మగా ట్రీలో ఉంది. దాన్నే మళ్లీ రేటులో కలిపితే ఒకే భయానికి రెండుసార్లు డబ్బు కట్టినట్టు. విఫలమయ్యే అవకాశాన్ని సంభావ్యతలకి వదిలేసి, డబ్బుకున్న కాలవిలువ, మొత్తం మార్కెట్‌తో పాటు ఊగే రిస్క్ వరకే రేటులో ఉంచాలి.

లక్షణం: జవాబు ప్లస్సే, కానీ నష్టపోయే దారులే ఎక్కువ

ఇది తప్పు కాదు. పట్టికలో 58% అవకాశంతో నష్టమే ఉంది. 2.63 అనే ఫలితం ఏ దారిలోనూ రాదు, అది సగటు మాత్రమే. 35 లక్షలు పోతే తట్టుకోలేని సంస్థకి ఈ సగటు ఒక్కటే చూపించి సంతకం తీసుకోకండి, పట్టిక కూడా పెట్టండి.

లక్షణం: అంతా సరిపోయింది, కానీ "పైలట్ ఎందుకు?" అంటే జవాబు లేదు

నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే, ఎందుకంటే ఏ చెక్‌లోనూ దొరకదు. ట్రీలో ఒక కొమ్మ అసలు గీయలేదు: పైలట్ లేకుండా ఇవాళే కట్టేయడం.

పైలట్ లేనప్పుడు మంచి గిరాకీకి అవకాశం ఎంత? 0.6 × 0.7 + 0.4 × 0.2 = 0.50. రాబడి 1, 2, 3 సంవత్సరాల్లోనే వస్తుంది కాబట్టి విలువ 0.5 × 149.21 + 0.5 × 74.61 = 111.91. ఖర్చు 100 పోను +11.91. పైలట్ దారి ఇచ్చే 2.63 దీని ముందు నిలవదు. మొదటి చతురస్రంలో "పైలట్", "ఏమీ చేయవద్దు" అని రెండే కొమ్మలు ఉంటే ఇది కనిపించే అవకాశమే లేదు.

పైలట్ ఖర్చు తీయకముందు ఆ దారి విలువ 14.63, నేరుగా కట్టే దారి విలువ 11.91. తేడా 2.72 లక్షలు. పైలట్ ఇచ్చే సమాచారానికి, దాని వల్ల పోయే ఏడాదిని కూడా లెక్కలోకి తీసుకుంటే, పెట్టదగ్గ గరిష్ఠ ధర అదే. 12 లక్షలు అడుగుతుంటే బేరమాడాలి, లేదా పైలట్‌ని కుదించాలి. అనుమతుల కోసమో భద్రతా పరీక్షల కోసమో ఆ దశ తప్పనిసరి అయితే నేరుగా కట్టే కొమ్మే ఉండదు, అప్పుడు 2.63 లెక్కే నిలుస్తుంది.