పాప్‌కార్న్ మాడుతోందా? పారబోసే ముందు పళ్లెంలో పోసి చూడండి

స్టవ్ మీద చేసిన పాప్‌కార్న్ మాడితే చాలామంది మంటనే తిడతారు. నిజానికి ఏది నల్లబడిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పేలని గింజ మాడడం వేరు, పేలిన పువ్వు మాడడం వేరు. రెండింటికీ మందు ఒకటి కాదు.

గింజలు నల్లబడ్డాయి, సగానికి సగం పేలనే లేదు

గిన్నె లోపల అడుగు చూడండి. బర్నర్ ఆకారంలో గుండ్రంగా మాడిన మచ్చ ఉంటే అది పల్చటి స్టీలు గిన్నె చేసిన పనే. స్టీలులో వేడి పక్కలకు సరిగా పాకదు. మంట తగిలిన చోట గింజలు మాడుతుంటే, అంచున ఉన్నవి ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి.

గింజ పేలాలంటే లోపల సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలి. అప్పటికి లోపలి తేమ ఆవిరై, గట్టి పొట్టును చీల్చుకుని బయటికి తన్నుతుంది. మంట మరీ పెద్దదైతే లోపలికి వేడి చేరేలోపే పైపొట్టు మాడుతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. మా ఇంట్లో 3 లీటర్ల అల్యూమినియం కుక్కరే ఈ పనికి వాడతాం, కానీ దాని మూత మాత్రం ముట్టుకోం. మూత బిగిస్తే పేలిన పువ్వు వెళ్లి ఆవిరి రంధ్రంలో ఇరుక్కోవచ్చు. మామూలు పళ్లెం మూస్తే చాలు.

అందులో రెండు పెద్ద చెంచాల నూనె, మూడే మూడు గింజలు వేసి మధ్యస్థ మంట మీద పెట్టండి. ఆ మూడూ పేలాయంటే నూనె సిద్ధమైనట్టే. వాటిని తీసేసి, కప్పులో మూడో వంతు గింజలు పోసి, కలిపి, స్టవ్ మీద నుంచి దించేయండి. ముప్పై అంకెలు లెక్కపెట్టి మళ్లీ ఎక్కించండి. దించడం వృథా అనిపిస్తుంది గానీ కిటుకంతా అక్కడే ఉంది. ఆ అర నిమిషంలో గింజలన్నీ ఇంచుమించు ఒకే వేడికి వస్తాయి. తర్వాత అన్నీ దాదాపు ఒక్కసారే పేలడం మొదలుపెడతాయి కాబట్టి, ముందు పేలినవి వెనకవాటి కోసం అడుగున కాచుకుని ఉండక్కర్లేదు.

ఆశపడి కప్పు నిండా పోయకండి. మూడో వంతు గింజలే పేలితే రెండు లీటర్లకు పైగా అవుతాయి.

పువ్వులు తెల్లగానే ఉన్నాయి, ఒక పక్క మాత్రం గోధుమరంగు మచ్చ

ఇవి పేలాక మాడినవి. కారణం కదపకపోవడం, లేదా ఆలస్యంగా దించడం. చప్పుడు మొదలైనప్పటి నుంచీ ఐదారు సెకన్లకోసారి రెండు చేతులా మసిగుడ్డతో పట్టుకుని, గిన్నెను బర్నర్ మీదే ముందుకీ వెనక్కీ జరపండి. బరువైన గింజలు కిందికి జారతాయి, తేలికైన పువ్వులు పైకి వస్తాయి. గిన్నెను గాల్లోకి ఎత్తి ఊపితే మాత్రం వేడి పడిపోతుంది.

టపటపలు పల్చబడి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు సెకన్లు ఖాళీ రాగానే మంట ఆపేయండి. వెంటనే పెద్ద గిన్నెలోకి ఒంపేయండి. మొదట్లో మనల్ని కాపాడిన మందపాటి అడుగే చివర్లో మోసం చేస్తుంది. మంట ఆపినా దాని వేడి తొందరగా తగ్గదు. మిగిలిన నాలుగు గింజల కోసం ఆగితే పైనున్న గుప్పెడు మాడుతుంది.

ఏదీ మాడలేదు, కానీ అడుగున బోలెడు గింజలు మిగిలాయి

మంట మరీ సన్నగా ఉంటే ఆవిరి గింజ మొన దగ్గర మెల్లగా కారిపోతుంది, పేలే బలం ఉండదు. మంట సరిగ్గానే ఉందంటే గింజలు ఎండిపోయినట్టు. పేలే గింజలో 13, 14 శాతం తేమ ఉండాలి. పొట్లం విప్పి నెలలపాటు అలమరలో వదిలేస్తే అది తగ్గిపోతుంది. పావుకిలో గింజలను గాజు సీసాలో పోసి, ఒక టీస్పూను నీళ్లు చల్లి, మూత గట్టిగా బిగించి, రోజుకోసారి కుదుపుతూ మూడు నాలుగు రోజులు ఉంచండి. తర్వాత పది గింజలు వేసి చూడండి. ఇంకా మొండికేస్తే మరో టీస్పూను నీళ్లు. సీసా గోడలకు తడి అంటుకుని ఉంటే మాత్రం ఆగండి, గింజలు బూజు పడతాయి.

పేలింది గానీ నమిలితే సాగుతోంది

ఆవిరి లోపలే నిలిచిపోయింది. పేలడం మొదలయ్యాక పళ్లేన్ని మీకు అవతలి వైపు వేలెడంత సందు ఉండేలా జరపండి. ఇటువైపు తీస్తే వేడి నూనె చింది మీద పడుతుంది.

గింజలు బాగున్నాయి, వాసన మాత్రం మాడు

మొదట్లోనే వెన్న గానీ కారం గానీ వేసి ఉంటారు. వెన్నలోని పాల పదార్థం గింజ పేలే వేడికి ముందే నల్లబడుతుంది. నూనెకు బదులు నెయ్యి వేసుకోవచ్చు. కారం, చాట్ మసాలా పళ్లెంలోకి ఒంపాకే.