వార్తల వీడియోలో ఎవరైనా మాట్లాడిన బైట్ కత్తిరించే ముందు చూసుకోవాల్సినవి

నల్లగొండ దగ్గర ఒక వడ్ల కొనుగోలు కేంద్రంలో అధికారి రైతులతో, "తేమ 17 శాతం లోపు ఉంటే రేపే కాంటా పెడతాం" అన్నాడు. వీడియో పొడుగైందని నేను మొదటి ముక్క తీసేశాను. "రేపే కాంటా పెడతాం" అన్నదే మిగిలింది. తెల్లారి తడి వడ్లతో ట్రాక్టర్లు వచ్చాయి. ఆ తప్పు నాదే.

• తెలుగులో షరతు ముందొస్తుంది, మాట ఖాయమయ్యేది చివర్లో. అందుకే కట్ పెట్టే చోటుకు ముందు, తర్వాత కనీసం అర నిమిషం వినండి. "అయితే", "ఉంటే", "కానీ" ఉంటే వాటిని వదలొద్దు. విలేకరి అడిగిన ప్రశ్న కూడా అంతే.

• రెండు ముక్కలు కలిపితే అతుకు కనపడనివ్వండి, మధ్యలో తెల్ల ఫ్లాష్ చాలు. అతుకు మీద జనం షాట్ వేస్తే ఒకే వాక్యంలా వినిపిస్తుంది.

• చప్పట్లు ఆ మాటకే పడ్డాయా? టైమ్‌కోడ్ చూడండి.

• కట్ చేసిన వీడియో ఎగుమతి చేశాక, అక్కడ లేని ఒకరికి చూపించి "ఏమర్థమైంది?" అని అడగండి. వాళ్లు చెప్పింది పూర్తి ఫుటేజీతో కలవకపోతే మళ్లీ కట్ చేయండి.

• అసలు ఫైలు చెరపొద్దు.