నలుగురు రోగుల ప్రశ్న: జబ్బు పేరు చూసి క్లిక్ చేయకండి

ఈమధ్య ఎన్‌క్లెక్స్‌లో ఫెయిలైన ఒక నర్సు తన పర్‌ఫార్మెన్స్ రిపోర్టు నాకు పంపింది. మందుల విభాగంలో పాస్ స్థాయికి పైనే ఉంది. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్‌లో మాత్రం కిందికి పోయింది. ఆమె ఏళ్ల తరబడి ఐసీయూలో పనిచేసిన మనిషి. డ్యూటీలో ఎవరి మంచం దగ్గరికి ముందు పరుగెత్తాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి అవే ప్రశ్నలు స్క్రీన్ మీద కనిపించేసరికి తప్పు పెట్టింది. ఎలా ఆలోచించావని అడిగితే, "ఎయిర్‌వే ఫస్ట్ కదా మేడమ్. సీఓపీడీ, ఆస్తమా, న్యుమోనియా ఎక్కడుంటే అక్కడ పెట్టేశాను" అంది.

మన నర్సులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మళ్లీ రాయాలంటే 45 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి. కొద్ది వారాల్లో పరీక్ష ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏబీసీ అంటే ఏమిటి, మాస్లో పిరమిడ్‌లో మెట్లెన్ని అన్నది ఇక్కడ చెప్పను. అవి మీకు ఫస్టియర్‌లోనే వచ్చేశాయి.

ఏబీసీ కన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

ఏబీసీని జబ్బు పేరుకు పెట్టకూడదు. ఈ క్షణంలో రోగిలో కనిపిస్తున్న మార్పుకు పెట్టాలి. దానికంటే ముందు ప్రతి రోగి విషయంలోనూ ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఇది మామూలేనా, లేక కొత్తగా వచ్చిందా? మామూలుగా ఉండేదైతే ఆ రోగి కాసేపు ఆగగలడు. కొత్తదైతే, అనుకోనిదైతే అతను ముందు వరుసలోకి వస్తాడు. అలా ముందు వరుసలో ఇద్దరు మిగిలితే, అప్పుడు వాళ్లిద్దరి మధ్య తేల్చడానికి ఏబీసీ.

ఒక ప్రశ్న తీసుకుందాం. మీరు డ్యూటీ ఎక్కారు, హ్యాండోవర్ విన్నారు, నలుగురు రోగులున్నారు. మొదట ఎవర్ని చూస్తారు?

మొదటివాడు 68 ఏళ్ల సీఓపీడీ రోగి. ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ వెళ్తోంది, శాచురేషన్ 90 శాతం. పెదవులు ముడిచి ఊపిరి వదులుతున్నాడు. రెండో రోగి ఆరు గంటల క్రితం పేగు ఆపరేషన్ అయిన మహిళ. ఆపరేషన్ అయిన వెంటనే బీపీ 122/78, పల్స్ 88. ఇప్పుడు బీపీ 98/60, పల్స్ 122. మంచంలో కుదురుగా ఉండలేకపోతోంది. కుట్ల మీద డ్రెస్సింగ్ పొడిగానే ఉంది. మూడో రోగికి న్యుమోనియా. యాంటీబయాటిక్ రెండో రోజు, జ్వరం 101 డిగ్రీలు, శ్వాస నిమిషానికి 22, దగ్గితే ఛాతీలో నొప్పి. నాలుగో రోగి రేపు బయాప్సీ ఉందని ఏడుస్తోంది.

ఆ ఐసీయూ నర్సు లెక్క ప్రకారమైతే మొదటివాడికో మూడోవాడికో క్లిక్ పడుతుంది. ఇద్దరివీ ఊపిరితిత్తుల జబ్బులే కదా! కానీ సీఓపీడీ రోగికి మనం పెట్టుకునే లక్ష్యమే 88 నుంచి 92. 90 అంటే అతను ఉండాల్సిన చోటే ఉన్నాడు. పెదవులు ముడిచి ఊపిరి వదలడం మనం నేర్పించే పద్ధతే. న్యుమోనియా మనిషికి రెండో రోజున జ్వరం, దగ్గుతో నొప్పి ఉండకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఏడుస్తున్నామె పక్కన కూర్చోవాల్సిందే, కానీ ఈ నిమిషంలో కాదు.

జవాబు రెండో రోగి. బీపీ పడుతోంది, పల్స్ పెరుగుతోంది, స్థిమితం పోయింది. పొట్టలోపల రక్తం పోతోందని ముందు అనుమానించాలి. డ్రెస్సింగ్ పొడిగా ఉందన్న మాట కావాలనే పెట్టిన ఎర. పొట్టలో కారే రక్తం బయటికి రావాలని లేదు. ఇక స్థిమితం లేకపోవడాన్ని నొప్పి అనో భయం అనో తీసిపారేస్తారు చాలామంది. మెదడుకు రక్తం తగ్గుతోందని బీపీ బాగా పడిపోకముందే చెప్పే గుర్తు అది. ఇక్కడ 'సి' గెలిచింది, ఎందుకంటే 'ఎ', 'బి'లలో కొత్తగా చెడినవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క ముక్క మారుద్దాం. అదే సీఓపీడీ రోగి, అదే 90 శాతం. కానీ పొద్దున చక్కగా మాట్లాడినవాడు ఇప్పుడు మగతగా ఉన్నాడు, తన పేరు అడిగితే ఇంకేదో చెబుతున్నాడు. రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుపోతోందన్న అనుమానం రావాలి. శ్వాస అతన్ని వదిలేస్తోంది. ఇప్పుడు ఇద్దరూ కొత్తగా చెడినవాళ్లే, కాబట్టి ఏబీసీ పెట్టొచ్చు. జవాబు అతనే. జబ్బు మారలేదు, శాచురేషన్ మారలేదు, అయినా జవాబు మారింది. ఈ రెండు ప్రశ్నల తేడా మీకు పట్టుబడకపోతే ఇక్కడే ఆగి మళ్లీ చదవండి.

పేరులో ఊపిరితిత్తి లేకున్నా ఎయిర్‌వే ప్రమాదం

ఇదే తప్పుకు రెండో ముఖం ఇది. జబ్బు పేరులో ఊపిరి లేదు కాబట్టి ఎయిర్‌వే కాదనుకుంటారు. థైరాయిడ్ ఆపరేషన్ అయిన రోగిని చూడండి. గొంతు కాస్త బొంగురుపోవడం, మింగితే నొప్పి మామూలే. పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లలో జివ్వుమనడం మామూలు కాదు. పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోతోందేమోనని చూడాలి. అది ముదిరితే స్వరపేటిక బిగుసుకుపోతుంది. లోపలికి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం వస్తే ఇక ఆలోచించాల్సిందేమీ లేదు, అతని దగ్గరికే వెళ్లాలి.

మంటల్లోంచి బయటపడిన మనిషికి ముక్కు వెంట్రుకలు కాలి, ఉమ్మిలో మసి ఉండి, గొంతు మారిందంటే, శాచురేషన్ 98 ఉన్నా నమ్మకండి. లోపల వాపు రావడానికి కొంత టైమ్ పడుతుంది. పైగా వేలికి పెట్టే ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది.

ఆస్తమా పిల్లవాడికి పిల్లికూతలు వినిపిస్తుంటే గాలి ఎంతోకొంత కదులుతోందని అర్థం. గంట క్రితం గట్టిగా వినిపించిన కూతలు ఇప్పుడు వినిపించడం లేదు, వాడు అలసిపోయి వాలిపోతున్నాడు. దీన్ని "తగ్గింది" అనుకుని ఆఖర్న పెట్టినవాళ్లను ఎంతమందిని చూశానో! గాలి ఆడడం ఆగిపోతోందని దానర్థం.

మాస్లో ఎప్పుడు

ఎవరూ కొత్తగా చెడకపోతే అప్పుడు మాస్లో. శరీర అవసరాలు, తర్వాత భద్రత, ఆ తర్వాత మనసు. అయితే దీన్ని కళ్లు మూసుకుని పట్టుకున్నా ప్రమాదమే. ఒకామెకు ఆకలేస్తోంది, ట్రే ఇంకా రాలేదు. మరొకతను "చచ్చిపోవడానికి ఏం చేయాలో ఆలోచించి పెట్టుకున్నాను" అంటున్నాడు. ఆకలి పిరమిడ్‌లో కింది మెట్టే, అయినా ముందు వెళ్లాల్సింది అతని దగ్గరికి. ప్రాణం ఈ గంటలో పోయేలా ఉంటే భద్రతదే పైచేయి.

నొప్పి సంగతి కూడా అంతే. ఆపరేషన్ రెండో రోజు పదికి ఏడు నొప్పి ఊహించినదే. సిమెంటు కట్టు వేసిన కాలికి మార్ఫిన్ ఇచ్చినా నొప్పి పెరుగుతూ, వేళ్లు కదిపితే కేక పెడుతుంటే, తిమ్మిరి కూడా మొదలైతే అది వట్టి నొప్పి కాదు. కాలి కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందడం లేదు. దాన్ని 'సి'లో వేయండి.

ఇక మిగిలినవి ఒకదాని వెంట ఒకటి చెప్పేస్తాను.

- ప్రశ్న చివరి వాక్యం ముందు చదవండి. "మొదట ఎవర్ని చూస్తారు" వేరు, "మంచాలు ఖాళీ చేయాలి, ఎవర్ని ఇంటికి పంపొచ్చు" వేరు. రెండోదానికి అందరికన్నా నిలకడగా ఉన్న రోగి జవాబు. ఎల్పీఎన్‌కి ఎవర్ని అప్పగిస్తారన్నా అంతే.
- స్పృహ లేదు, పల్స్ లేదు అని రాస్తే ఏబీసీ పట్టుకుని కూర్చోకండి. గుండె మీద ఒత్తడం ముందు.
- బస్సు ప్రమాదం, భూకంపం, చాలామంది గాయపడ్డారు అని ఉంటే లెక్క తిరగబడుతుంది. దారి తెరిచినా ఊపిరి తీయని పెద్దమనిషికి నల్ల ట్యాగ్, ముందుకు కదలండి. ఆసుపత్రి వార్డు లెక్క అక్కడ పనికిరాదు. బాధగా ఉంటుంది, అయినా జవాబు అదే.
- విలువ ఒక్కటే చూడకండి. ముందు ఎంత, ఇప్పుడు ఎంత అన్నది చూడండి. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కేస్ స్టడీలు రోగి గంటగంటకూ ఎలా మారుతున్నాడో చూపించే అడుగుతాయి.
- "డాక్టర్‌కి ఫోన్ చేయాలి" అనే ఆప్షన్ కనపడగానే ఎగబడకండి. ఈలోగా మీ చేత్తో చేయగలిగింది ఉంటే ముందు అదే. రక్తం ఎక్కిస్తుండగా వణుకు, నడుము నొప్పి వస్తే ముందు రక్తం ఆపండి. ఫోన్ తర్వాత.
- పరిస్థితి మొత్తం ప్రశ్నలోనే చెప్పేసి ఉంటే "మళ్లీ పరీక్షించాలి" అని పెట్టకండి. చేయాల్సింది చేయండి.
- మీ వార్డులో ఏం చేసేవారో మర్చిపోండి. ప్రశ్నలో అన్ని పరికరాలూ, సరిపడా సిబ్బందీ ఉన్నట్టే లెక్క.
- ప్రశ్నలో లేనిది కల్పించుకోకండి. "ఒకవేళ అతనికి..." అనుకున్నారా, పోయింది.
- చెరిపి రాసుకునే బోర్డు ఇస్తారు. నలుగురి నంబర్లూ వేసి ఒక్కొక్కరి పక్కన "మామూలు" లేదా "కొత్త" అని రాయండి. జబ్బు పేరు రాయొద్దు.
- సీఓపీడీ కనిపించిందా? చెయ్యి మౌస్ మీంచి తీయండి. మామూలా, కొత్తదా?
- ఆస్తమా కనిపించిందా? మామూలా, కొత్తదా?
- నెక్స్ట్ నొక్కాక వెనక్కి వెళ్లడం కుదరదు. అడగాల్సింది అంతకుముందే అడగండి.