ఫీజు గుర్తుచేసే సందేశం పంపినా గడువుకు డబ్బు రావడం లేదా?

సమస్య: సందేశం వెళ్లింది, గడువు దాటింది, సగం ఫీజులు రాలేదు. పైగా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కోపంగా ఫోన్ చేశారు.

సందేశంలో మాటలు మార్చే ముందు బకాయిల జాబితాను నిన్నటి వరకు ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడండి. ఫోన్‌లో కట్టిన డబ్బు ఖాతాలో పడినా, పిల్లవాడి పేరు మీద ఇంకా నమోదై ఉండకపోవచ్చు. కట్టినవారికి "బకాయి" అని పంపితే వాళ్లు నొచ్చుకోరా? ఎన్నిసార్లు చెప్పినా ఆఫీసులో ఈ పని వదిలేసి సందేశం పంపేస్తారు.

జాబితా సరిగ్గానే ఉంటే, "లోపు" అనే మాటను అనుమానించండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకసారి మా సందేశం ఇలా వెళ్లింది:

"ఫీజు 10వ తేదీ లోపు చెల్లించవలెను. చెల్లించనిచో తగు చర్యలు తీసుకోబడును."

మా లెక్కలో 9వ తేదీతో గడువు ముగిసింది. ఒక తండ్రి మాత్రం పదో తేదీ కూడా ఉందనుకుని ఆ రోజే నగదుతో వచ్చారు. అది రెండో శనివారం, ఆఫీసు మూసి ఉంది. సోమవారం వస్తే ఆలస్య రుసుము అడిగాం. "నేను పదిన వచ్చానండీ, తాళం వేసింది మీరే కదా" అన్నారు. ఆయన మాటే న్యాయం. రుసుము వదిలేశాం. ఆ సంగతి తెలిసి ఇంకొందరు మాకూ వదలమన్నారు, ఆ టర్మ్‌లో గడువుకు విలువే లేకుండా పోయింది.

అందుకే తేదీ పక్కన వారం, గంట రాయాలి. అది కౌంటరు తెరిచి ఉండే రోజు కావాలి. "తగు చర్యలు" అనే బెదిరింపు బదులు జరగబోయేది అంకెల్లో చెప్పాలి. ఇప్పుడు పంపేది ఇది:

"నమస్కారమండీ. ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి రెండో టర్మ్ ఫీజులో రూ.8,500 మా లెక్క ప్రకారం ఇంకా రావాలి. దయచేసి 9వ తేదీ శుక్రవారం సాయంత్రం 4 గంటల వరకు చెల్లించండి. ఆ తర్వాత రూ.200 ఆలస్య రుసుము కలుస్తుంది. ఒకేసారి కట్టడం ఇబ్బందైతే 7వ తేదీ బుధవారం సాయంత్రంలోగా ఆఫీసులో మాట్లాడండి, వాయిదాలు చూద్దాం. ఇప్పటికే కట్టి ఉంటే రసీదు ఫోటో పంపండి, సరిచేస్తాం."

వాయిదాల మాట గడువుకు ముందే ముగియాలని 7వ తేదీ పెట్టాం. శుక్రవారం నాలుగు దాటాక ఎవరడిగినా రుసుము ఒకటే. ముందే వచ్చి మాట్లాడినవారికి మాత్రం ఒప్పుకున్న తేదీని చీటీ మీద రాసి ఇస్తాం. సందేశం తల్లిదండ్రుల ఫోన్‌కే వెళ్లాలి. పిల్లల డైరీలో రాయకండి, తరగతిలో పేర్లు చదవకండి.

ఫోన్ నంబరు మారడం, సందేశం ఇంగ్లీషులో ఉండి చదవలేకపోవడం అరుదు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోతాయి.